స్విచ్ వేస్తే పక్క బ్రాంచిలో కరెంటు ఎందుకు తగ్గింది?

ప్రశ్న: 12 వోల్టుల ఈఎంఎఫ్, 1 ఓమ్ అంతర్నిరోధం ఉన్న బ్యాటరీకి 2 ఓమ్‌ల రెసిస్టర్ సిరీస్‌లో ఉంది. దాని తర్వాత 12 ఓమ్‌లు, 4 ఓమ్‌లు ప్యారలల్‌లో ఉన్నాయి. 4 ఓమ్‌ల బ్రాంచిలో స్విచ్ ఉంది. స్విచ్ వేస్తే 12 ఓమ్‌లలో కరెంటు 0.8 నుంచి 0.5 ఆంపియర్లకు తగ్గుతుందని ఆన్సర్ ఇచ్చారు. ప్యారలల్‌లో వోల్టేజి ఒకటే కదా, మరి ఎందుకు తగ్గాలి? టెర్మినల్ వోల్టేజి కూడా 12 రాకుండా 10 ఎందుకు వచ్చింది?

జవాబు:

ఇచ్చిన ఆన్సర్ సరైనదే. "ప్యారలల్‌లో వోల్టేజి ఒకటే" అనే మాటను మీరు కాస్త సాగదీశారు. ఏ క్షణంలో చూసినా 12 ఓమ్‌ల మీద, 4 ఓమ్‌ల మీద వోల్టేజి సమానంగా ఉంటుందన్నంతవరకే దాని అర్థం. స్విచ్ వేయకముందు ఎంత ఉందో వేశాక కూడా అంతే ఉంటుందని అది చెప్పదు.

ఇలాంటి లెక్కల్లో ముందు బొమ్మను తిరిగి గీయండి. బ్యాటరీ గుర్తు పక్కనే 1 ఓమ్ రెసిస్టర్ పెట్టి, ఆ రెండింటి చుట్టూ చుక్కల గీతతో ఒక పెట్టె గీయండి. పెట్టెలోంచి బయటికి వచ్చే రెండు చివరలే టెర్మినల్స్. అంతర్నిరోధం ఎప్పుడూ తన సెల్‌తో సిరీస్‌లోనే ఉంటుంది, బయట నెట్‌వర్క్ ఎంత చిక్కుగా ఉన్నా సరే.

స్విచ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు 4 ఓమ్‌ల దారి లేదు. బయట 2 + 12 = 14, లోపల 1 కలిపితే 15 ఓమ్‌లు. కరెంటు 12/15 = 0.8 ఆంపియర్లు. లోపలి 1 ఓమ్ మీద 0.8 వోల్టులు పోతాయి, కాబట్టి టెర్మినల్స్ దగ్గర 11.2 వోల్టులు. అందులో 2 ఓమ్‌లు 1.6 వోల్టులు తినేస్తే 12 ఓమ్‌లకు 9.6 మిగులుతుంది.

స్విచ్ వేశాక 12, 4 ప్యారలల్‌లో కలిసి (12×4)/(12+4) = 3 ఓమ్‌లు అవుతాయి. మొత్తం 1 + 2 + 3 = 6 ఓమ్‌లు, కరెంటు 2 ఆంపియర్లు. ఇక్కడ ఆగి చూడండి. బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు 0.8 నుంచి 2కు పెరిగింది. ఆ పెరిగిన కరెంటంతా లోపలి 1 ఓమ్ గుండా, బయటి 2 ఓమ్‌ల గుండా పోక తప్పదు. లోపల 2 వోల్టులు పడిపోయి టెర్మినల్ వోల్టేజి 10కి దిగింది. సిరీస్ రెసిస్టర్ మీద ఇంకో 4 పోయాయి. ప్యారలల్ జంటకు మిగిలింది 6 వోల్టులే. 12 ఓమ్‌లలో 6/12 = 0.5, 4 ఓమ్‌లలో 6/4 = 1.5 ఆంపియర్లు.

అంటే కొత్త బ్రాంచి వచ్చి పాత బ్రాంచి కరెంటును లాక్కోలేదు. మొత్తం కరెంటును పెంచి, దారిలో ఉన్న సిరీస్ నిరోధాల మీద ఎక్కువ వోల్టేజి పోయేలా చేసింది. 2 ఓమ్‌ల రెసిస్టర్‌ని తీసేసి చూస్తే అంతర్నిరోధం వాటా ఎంతో విడిగా తెలుస్తుంది. అప్పుడు స్విచ్ వేయకముందు 12 ఓమ్‌లలో 12/13, సుమారు 0.92 ఆంపియర్లు. వేశాక బ్యాటరీ 3 ఆంపియర్లు ఇస్తుంది, టెర్మినల్ వోల్టేజి 9, 12 ఓమ్‌లలో 0.75. ఆ 1 ఓమ్ కూడా సున్నా అయితేనే మీరనుకున్నట్టు కరెంటు మారకుండా 1 ఆంపియర్ ఉండిపోతుంది.

పేపర్లలో ఎక్కువగా కనిపించే తప్పు మాత్రం వేరే. V = E − Ir వాడి టెర్మినల్ వోల్టేజి 10 అని సరిగ్గానే తెస్తారు, వెంటనే 10/12 చేసి 12 ఓమ్‌ల కరెంటు 0.83 అని రాసేస్తారు. ఆ 10 వోల్టులు 2 ఓమ్‌లకు, ప్యారలల్ జంటకు కలిపి ఉన్నవి. జంక్షన్ దగ్గర కూడిక చేస్తే తప్పు దొరికిపోతుంది: 10/12, 10/4 కలిపితే 3.33 వస్తుంది, బ్యాటరీ ఇస్తున్నది 2. ఇంకా గట్టిగా సరిచూసుకోవాలంటే పవర్ లెక్క వేయండి. బ్యాటరీ ఇచ్చేది 12×2 = 24 వాట్లు. లోపల 4, 2 ఓమ్‌లలో 8, 12 ఓమ్‌లలో 3, 4 ఓమ్‌లలో 9, కలిపితే సరిగ్గా 24.

ఇదంతా కాగితం మీది లెక్కే అనిపిస్తే ఒక పాత పెన్సిల్ సెల్ తీసుకోండి. బొమ్మ కారు నడవడం లేదని తీసిన సెల్‌ని గోడ గడియారంలో వేస్తే నెలల తరబడి నడుస్తుంది, ఇళ్లలో అందరూ చేసే పనే. డిజిటల్ మల్టీమీటర్‌ని 2 వోల్టుల రేంజిలో పెట్టి సెల్ మీద చూస్తే 1.35 వచ్చిందనుకుందాం. మీటర్ దాదాపు కరెంటు తీసుకోదు కాబట్టి అది ఈఎంఎఫ్‌తో సమానమే. ఇప్పుడు 10 ఓమ్‌ల రెసిస్టర్ తగిలిస్తే రీడింగ్ 1.00కి పడిందనుకోండి. కరెంటు 1.00/10 = 0.1 ఆంపియర్, లోపల పోయింది 0.35 వోల్టులు, కాబట్టి అంతర్నిరోధం 3.5 ఓమ్‌లు. రెండు చివరలూ నేరుగా కలిపేసినా 1.35/3.5, అంటే 0.39 ఆంపియర్లకు మించి రాదు. మోటార్ అర ఆంపియర్ అడిగితే ఎక్కడి నుంచి తెస్తుంది? గడియారం సగటున మిల్లీ ఆంపియర్ కూడా లాగదు కాబట్టి లోపల పోయేది కొన్ని మిల్లీవోల్టులే.

ఈ కొలతలో కొన్ని జాగ్రత్తలున్నాయి. రెసిస్టర్ అర వాట్‌ది తీసుకోండి, కొత్త సెల్‌తో 10 ఓమ్‌ల మీద 0.2 వాట్ల పైనే ఖర్చవుతుంది, పావు వాట్‌ది వేడెక్కుతుంది. 1 కిలో ఓమ్ లాంటి పెద్దది పెడితే ఈ సెల్‌కి రీడింగ్‌లో తేడా సుమారు ఐదు మిల్లీవోల్టులే ఉంటుంది, మీటర్‌లో చివరి అంకె కాస్త ఊగినా లెక్క బాగా తప్పుతుంది. మీటర్ పిన్నులు సెల్ లోహపు చివరలనే తాకాలి. రెసిస్టర్ కాళ్ల దగ్గర పెడితే హోల్డర్ స్ప్రింగు, వైర్ల నిరోధం కూడా సెల్ ఖాతాలో పడుతుంది. లోడ్ పెట్టి ఉంచితే రీడింగ్ మెల్లగా దిగుతూనే ఉంటుంది, అందుకే రెండు మూడు సెకన్లలో చూసి తీసేయండి. పుస్తకంలో అంతర్నిరోధం స్థిరాంకం, నిజం సెల్‌లో కాదు. మీటర్‌ని ఆంపియర్ల రేంజిలో పెట్టి నేరుగా సెల్‌కి మాత్రం తగిలించకండి, అది షార్ట్ చేసినట్టే, మీటర్‌లోని ఫ్యూజు పోవచ్చు.

ఇంకొక్కటి. టెర్మినల్ వోల్టేజి ఎప్పుడూ ఈఎంఎఫ్ కంటే తక్కువే అని బట్టీ పట్టకండి. కరెంటు బ్యాటరీ పాజిటివ్ చివర నుంచి బయటికి వస్తుంటేనే V = E − Ir. చార్జింగ్‌లో కరెంటు పాజిటివ్ చివర గుండా లోపలికి పోతుంది, అప్పుడు V = E + Ir. 12 వోల్టుల ఈఎంఎఫ్, 0.5 ఓమ్ అంతర్నిరోధం ఉన్న బ్యాటరీలోకి 4 ఆంపియర్లు ఎక్కించాలంటే చార్జర్ 14 వోల్టులు ఇవ్వాలి.