తొమ్మిది రూపాయల కోసం మాస్టారి ఫోను

ప్రశ్న: మాది చిన్న ఆన్‌లైన్ వ్యాపారం. బిల్లు పంపగానే కస్టమర్లు "నేను లెక్కేస్తే ఇంత రాలేదే, టోటల్ ఎక్కువుంది" అంటున్నారు. టాక్సు, రౌండాఫ్, షిప్పింగ్ ఎలా చెప్తే అర్థమవుతుంది?

మీ బిల్లులో షిప్పింగ్ లైను ఎక్కడుందో ముందు చూడండి. పన్ను లైనుకి కిందుంటే మీరు ఎంత తీపిగా మాట్లాడినా లాభం లేదు. ఈ మాట నా అనుభవంతోనే చెబుతున్నాను. మాది కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం. పలాస పప్పు అంటే ఎక్కడెక్కడి నుంచో అడుగుతారు గనక కొన్నేళ్లుగా పార్సిళ్లు కూడా పంపుతున్నాం.

హైదరాబాదులో స్థిరపడిన ఓ రిటైర్డు లెక్కల మాస్టారు ఉన్నారు, మన టెక్కలి వైపు మనిషే. మూడు కిలోలు పంపమన్నారు. కిలో 867 చొప్పున 2601, షిప్పింగ్ 185 అని ముందే చెప్పి, పైన 5 శాతం జీఎస్టీ ఉంటుందని కూడా చెప్పాను. బిల్లు 2925కి వెళ్లింది. గంట తిరక్కుండా ఫోను.

"ఏటి బాబూ, 2601కి 5 శాతం 130 రూపాయల 5 పైసలు. దానికి నీ 185 కలిపితే 2916. నువ్వు 2925 వేశావు. ఆ తొమ్మిది రూపాయలు ఏటికి?"

అప్పుడు షాపులో ఉన్నది మా తమ్ముడు. "సిస్టమ్ అలా తీసుకుంటాదండీ" అన్నాడు. దయచేసి ఈ ముక్క మాత్రం ఎవరితోనూ అనకండి. లెక్కల మాస్టారితో అసలే అనకండి. ఆయన గొంతు మారింది, ఫోను నా చేతికొచ్చింది.

నేను బిల్లు ముందు పెట్టుకుని ఒక్కో లైనూ చదివాను. "మాస్టారూ, పప్పు 2601, షిప్పింగ్ 185. రెండూ కలిపితే 2786. 5 శాతం వేసేది ఈ 2786 మీద, 139 రూపాయల 30 పైసలు. మొత్తం 2925.30. ఆ 30 పైసలు తీసేసి 2925. మీకు తేడా వచ్చిన తొమ్మిదింబావు, 185 మీద 5 శాతమేనండి." అవతల పెన్ను గీస్తున్న చప్పుడు వినిపించింది. "లెక్క సరిపోయింది. కానీ రవాణాకి పన్నేటి?" అన్నారు.

చాలామంది షాపువాళ్లకే ఇది తెలీదు. సరుకు మీ ఇంటికి చేర్చే బాధ్యత నాదై, ఆ ఖర్చు నా బిల్లులో నేనే వసూలు చేస్తే అది సరుకు విలువలో భాగమైపోతుంది. సరుకుకి ఏ రేటో దానికీ అదే రేటు. పప్పుకి 5 గనక షిప్పింగ్‌కీ 5. అదే కస్టమరు తనే ట్రాన్స్‌పోర్టు మాట్లాడుకుని వాళ్లకే నేరుగా డబ్బు కట్టుకుంటే నా బిల్లులో ఆ లైనూ ఉండదు, దాని మీద నా పన్నూ ఉండదు.

మాస్టారు వదల్లేదు. "కొరియర్ వాడు నీ దగ్గర జీఎస్టీ తీసుకోడా? మళ్లీ నా దగ్గరా?" మంచి ప్రశ్న. కొరియర్ వాడు 185కి 18 శాతం కలిపి నా దగ్గర 218 రూపాయల 30 పైసలు తీసుకుంటాడు. ఆ పైనున్న 33 రూపాయల 30 పైసలు నాకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కొస్తాయి. అందుకే ఆయన బిల్లులో 185 మాత్రమే వేశాను. కొందరు 218 వేసి దాని మీద మళ్లీ 5 శాతం లాగుతారు. అలాంటి బిల్లు మీద కస్టమర్ గొడవ పడితే తప్పు కస్టమర్‌ది కాదు.

నేనూ మొదట్లో షిప్పింగ్‌ని, దాని మీద పన్ను వేయకుండా, పన్ను తర్వాత అట్టడుగున పెట్టేవాణ్ణి. కస్టమర్లందరూ సంతోషం. ఏడాది చివర ఆడిటరు పుస్తకాలు తిరగేసి, వసూలు చేసిన షిప్పింగ్ అంతటికీ పన్ను లెక్కగట్టి నా చేతే కట్టించాడు. అప్పటికే తినేసిన పప్పుకి ఎవర్ని అడుగుతాం? ఆ రోజే లైను పైకి మార్చాను. ఇప్పుడు సరుకు, షిప్పింగ్, వాటి కింద "పన్ను వేసే విలువ" అని ఒక మొత్తం, ఆ తర్వాతే పన్ను. మీ సాఫ్ట్‌వేర్ ఆ మధ్య మొత్తం చూపించకపోతే అడిగి పెట్టించుకోండి. అది లేకపోతే పైన వరసలో 2601, కింద పన్ను పట్టికలో 2786 కనిపించి, ఎవరికైనా మోసంలాగే ఉంటుంది.

మూడు కిలోలకి 185 ఏమిటని అడిగేవాళ్లూ ఉంటారు. గాలిలో పోయే పార్సిల్‌కి కొరియర్ వాళ్లు తూకం ఒక్కటే చూడరు, పెట్టె కొలతలు కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. మా పెట్టె 30, 25, 25. అంటే 3.75, వాళ్ల లెక్కలో నాలుగు కిలోలు. పప్పు విరిగిపోకుండా పెద్ద పెట్టె పెట్టినందుకు ఆ శిక్ష! "ఫ్రీ షిప్పింగ్" అని పెట్టి కిలో రేటులో కలిపేసేవాళ్లకి ఈ ఫోన్లేవీ రావు. నాకు మాత్రం అది నచ్చదు.

ఇక రౌండాఫ్. బిల్లులో `Round Off -0.30` అని చూసి "నాకు 30 పైసలు కోశావేటి" అన్నారు మాస్టారు. కోసింది నాకే గానీ ఆయనకి కాదు. పన్ను 139.30 అలాగే ఉంటుంది, ప్రభుత్వానికి అంతే కడతాను. చివరి మొత్తాన్నే దగ్గరి రూపాయికి తెస్తాం, 50 పైసలూ ఆపైన ఉంటే పైకి, తక్కువైతే కిందికి. టాలీలో దీనికి `Normal Rounding` పెట్టాలి. కొన్ని షాపుల్లో `Upward Rounding` పెట్టి ఉంటుంది, ఎప్పుడూ పైకే పోతుంది. నాలుగు బిల్లులు పక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది, అన్నిట్లోనూ ప్లస్సే ఉంటుంది.

మాస్టారు డబ్బు పంపారు. నెల తిరిగాక విశాఖలో ఉన్న వాళ్లమ్మాయి ఇంటికి అవే మూడు కిలోలు పంపమన్నారు. షిప్పింగ్ 110 మాత్రమే, రేటు పాతదే. హాయిగా ఉన్నాను. మళ్లీ ఫోను.

"ఈసారి పన్ను రెండుసార్లు వేశావు."

"రాష్ట్రం దాటితే ఐజీఎస్టీ అని ఒకటే లైనండి. మన రాష్ట్రంలోనే అయితే సీజీఎస్టీ రెండున్నర, ఎస్‌జీఎస్టీ రెండున్నర. కలిపితే అదే 5."

"అదే అయితే 2711కి 135.55 రావాలి. నీ బిల్లులో రెండూ కలిపితే 135.56. ఆ పైసా?"

బిల్లు తీసి చూశాను. 2711కి రెండున్నర శాతం 67.775. పైసాల్లోకి తెస్తే ఒక్కోటీ 67.78, అలా రెండుసార్లు. మొత్తం 2846.56, రౌండాఫ్ ప్లస్ 44 పైసలు, బిల్లు 2847. చెప్పాను.

"సరే, పోయినసారి నువ్వు 30 వదులుకున్నావు, ఈసారి నేను 44 ఇచ్చాను. 14 పైసలు నువ్వు బాకీ" అని నవ్వి పెట్టేశారు.