ఎంటీఎఫ్ షేర్లు ఎంత పడితే అమ్మేస్తారు?

ప్రశ్న: ఎంటీఎఫ్‌లో, అంటే మార్జిన్ ట్రేడింగ్ ఫెసిలిటీలో, బ్రోకర్ దగ్గర అప్పు తీసుకుని షేర్లు కొన్నాను. ధర ఎంత పడితే బ్రోకర్ నా షేర్లు అమ్మేస్తాడు? 20 శాతం పడే దాకా భయం లేదని మా ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: 2024 జూన్ 3 రాత్రి నా కాగితం మీద ఉన్న అంకె కూడా 20 శాతమే. లోక్‌సభ ఎన్నికల ఎగ్జిట్ పోల్స్ చూసి ఆ సోమవారం మార్కెట్ ఎగిరింది. సాయంత్రానికి నా షేర్ల విలువ సరిగ్గా 10 లక్షలు, దాదాపు అన్నీ ప్రభుత్వ రంగ కంపెనీలవే. అందులో 6 లక్షలు బ్రోకర్ ఇచ్చిన అప్పు, 4 లక్షలు నావి. షేర్ల విలువలో నా వాటా 25 శాతానికి తగ్గితే అమ్మేస్తామని అకౌంట్ తెరిచినప్పుడే చెప్పారు. అంటే షేర్ల విలువలో 75 శాతం అప్పు అయ్యే చోటు నాకు అమ్మకం గీత. 6 లక్షలను 0.75తో భాగిస్తే 8 లక్షలు. 10 నుంచి 8కి రావాలంటే 20 శాతం పడాలి. అంత పడదులే అనుకుని పడుకున్నాను.

మర్నాడు కౌంటింగ్. మాది తెనాలి. లోక్‌సభతో పాటు మా అసెంబ్లీ ఫలితాలు కూడా ఆ రోజే కాబట్టి పొద్దున్నుంచీ ఇల్లంతా టీవీ ముందే ఉంది. బయట బాణసంచా మోత. ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. పదకొండున్నరకు తీసి చూస్తే నా షేర్లు 17 శాతం కింద ఉన్నాయి. నిఫ్టీ ఆ రోజు దాదాపు 6 శాతం నష్టపోయి 21,884 దగ్గర ముగిసింది కానీ, ప్రభుత్వ రంగ షేర్లు కొన్ని 20 శాతానికి పైగా పడ్డాయి. ఇండెక్స్ పతనాన్ని చూసి మన షేర్ల పతనాన్ని అంచనా వేయకూడదని నాకు ఆ పూట తెలిసింది.

అయినా ఇంకా 3 శాతం ఉందిగా అనుకున్నాను. కానీ మార్జిన్ కట్టమని అప్పటికే రెండు మెసేజ్‌లు వచ్చి ఉన్నాయి. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, నా షేర్లకు మెయింటెనెన్స్ మార్జిన్‌ను, అంటే నా వాటా కనీసం ఉండాల్సిన శాతాన్ని, 25 నుంచి 30కి పెంచామని, నిన్న రాత్రి మెయిల్ పంపామని చెప్పారు. వెతికితే నిజంగానే ఉంది, ప్రకటనల మెయిల్స్ మధ్యలో. ఆ ఒక్క మార్పుతో 6 లక్షలను 0.75 బదులు 0.70తో భాగించాలి. 8 లక్షలు అనుకున్న గీత 8 లక్షల 57 వేలకు పైకి వచ్చేసింది. నాకు 20 శాతం వెసులుబాటు లేనే లేదు, 14 శాతమే ఉంది. నేను పడుకున్నప్పుడే అది పోయింది.

మీ ఫ్రెండ్ లెక్కలో లోపం ఇక్కడే. ఆయన ధర ఒక్కటే కదులుతుందని అనుకుంటున్నారు. మార్కెట్‌లో ఊగిసలాట పెరిగితే ఎక్స్చేంజీ వైపు నుంచి మార్జిన్ పెరుగుతుంది, బ్రోకర్ తన వంతు ఇంకొంత కలుపుతాడు. అంటే ధర కిందికి వచ్చే రోజునే గీత పైకి వస్తుంది. మార్జిన్ 40 శాతానికి పెంచి ఉంటే 6 లక్షలను 0.60తో భాగిస్తే 10 లక్షలు. ఒక్క రూపాయి పడకముందే నేను గీత మీద నిలబడి ఉండేవాణ్ణి.

ఇక డబ్బు సంగతి. షేర్ల విలువ అప్పటికి 8 లక్షల 30 వేలు, నా వాటా 2 లక్షల 30 వేలు. 30 శాతం అంటే 2 లక్షల 49 వేలు ఉండాలి. తక్కువైంది 19 వేలు. 19 వేలే! నా అకౌంట్‌లో ఐదు వేలు కూడా లేవు, మిగతాదంతా ఫిక్సెడ్ డిపాజిట్‌లో ఉంది. హైదరాబాద్‌లో ఉన్న మా బావమరిదికి ఫోన్ చేస్తే "బావా, ఎంత కావాలో చెప్పు, ఇప్పుడే వేసేస్తా" అన్నాడు. కానీ బ్రోకర్ వేరేవాళ్ల అకౌంట్ నుంచి వచ్చిన డబ్బు తీసుకోకూడదు. ముందు నా బ్యాంకుకు రావాలి, అక్కడి నుంచి బ్రోకర్‌కు వెళ్లాలి. ఆ రోజు బ్యాంకు యాప్ తిరుగుతూనే ఉంది. డబ్బు నాకు చేరేసరికి పన్నెండున్నర దాటింది, అప్పటికే అమ్మేశారు. అదీ 19 వేల లోటు పూడ్చేంత కాదు, నా వాటా మళ్లీ 40 శాతానికి వచ్చేదాకా, రెండున్నర లక్షల షేర్లు. అగ్రిమెంట్‌లో ఆ హక్కు వాళ్లకు ఉంది, చదివి చూసుకున్నాను. శుక్రవారానికి, అంటే జూన్ 7కి, నిఫ్టీ సోమవారం ముగింపును దాటేసింది. నా షేర్లు కూడా చాలావరకు కోలుకున్నాయి, కానీ అమ్మేసినవి నావి కావుగా.

నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది యాప్‌లు. నాలుగు రెట్లు కొనండి అని పెద్ద బటన్ పెడతారు. ఈ ధర దగ్గర మీ షేర్లు అమ్ముడుపోతాయి అనే ఒక్క అంకె నా యాప్‌లో ఎక్కడా కనపడలేదు. లెక్క కట్టడానికి కావలసినవన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి. ఆ అంకెను కొనే ముందే చూపించడం తప్పనిసరి చేయాలి.

ఇంకో మాట మీరు అడగలేదు కానీ చెప్పాలి. పడినప్పుడు తక్కువ ధరకు ఇంకొన్ని కొని యావరేజ్ చేస్తే గీత కిందికి జరుగుతుందని టెలిగ్రామ్ గ్రూపుల్లో చెబుతుంటారు. లెక్క వేసి చూడండి. 100 రూపాయల ధరకు కొన్న అవే 10 లక్షల షేర్లు, 6 లక్షల అప్పు, 25 శాతం మార్జిన్, గీత 80 రూపాయల దగ్గర. ధర 90కి వచ్చింది, మీ చేతిలో 80 వేలున్నాయి. దానికి 1 లక్షా 20 వేల అప్పు కలిపి 2 లక్షల షేర్లు కొంటే, అప్పు 7 లక్షల 20 వేలవుతుంది, గీత 78.50 దగ్గరికి వస్తుంది. రూపాయిన్నర జరిగిందంతే. అదే 80 వేలు అప్పులో కట్టేస్తే అప్పు 5 లక్షల 20 వేలవుతుంది, గీత 69.30కి దిగుతుంది. డబ్బు అదే, తేడా తొమ్మిది రూపాయలు. అప్పుతో కొన్న షేరు పడుతున్నప్పుడు చేతిలోకి వచ్చిన డబ్బు ముందు అప్పుకే వెళ్లాలి. దీని మీద నాతో ఎవరు వాదించినా ఒప్పుకోను.

వడ్డీని కూడా మర్చిపోకండి. ఏడాదికి 15 శాతం లెక్కన 6 లక్షల మీద నెలకు 7,500. కట్టకుండా ఆరు నెలలు అప్పులో కలిస్తే 6 లక్షల 45 వేలు. ధర కదలకపోయినా 20 శాతం వెసులుబాటు 14 అవుతుంది.

ఇప్పుడు నేను వేసే లెక్క తలకిందులుగా ఉంటుంది. షేర్లు 30 శాతం పడి, అదే రోజు మార్జిన్ 40 శాతానికి పెరిగినా అమ్మకం రాకూడదు అని ముందు రాసుకుని, అప్పు ఎంతో తర్వాత తేలుస్తాను. షేర్ల విలువను 0.70తో, ఆపైన 0.60తో గుణిస్తే వచ్చేదే గరిష్ఠ అప్పు, అంటే విలువలో 42 శాతం. చేతిలో 4 లక్షలుంటే 6 లక్షల 90 వేల షేర్లు కొనవచ్చు, అప్పు 2 లక్షల 90 వేలు. 30 శాతం అతి జాగ్రత్త అనేవాళ్లు 2020 మార్చి 23 చూడాలి. నిఫ్టీయే ఒక్క రోజులో 13 శాతం పడింది, మధ్యలో లోయర్ సర్క్యూట్ తగిలి ట్రేడింగ్ ఆగిపోయింది.

మీరు మీ అప్పు, షేర్ల విలువ, ఈ రోజు అమల్లో ఉన్న మార్జిన్ శాతం ఇక్కడ కింద రాస్తే గీత ఎక్కడుందో వేసి చెబుతాను. మార్జిన్ శాతం మాత్రం అకౌంట్ తెరిచినప్పటిది కాదు, బ్రోకర్ పంపిన చివరి మెయిల్‌లో ఉన్నది రాయండి.