బంధువుల నియామకం: నిషేధం రాస్తే సరిపోతుందా?

ప్రశ్న: మాది జీడిమెట్లలో ప్లాంటు, మాదాపూర్‌లో ఆఫీసు. మొత్తం 350 మంది. ఎవరికి ఎవరు చుట్టమో హెచ్‌ఆర్‌కి కూడా తెలీదు. ఎండీ గారేమో "బంధువులను అసలు తీసుకోకూడదని రాసేయండి, గొడవ వదిలిపోతుంది" అంటున్నారు. అలా రాస్తే సరిపోతుందా? ఎవరు, ఎప్పుడు, ఎవరికి చెప్పాలో స్టెప్పులతో సహా చెప్పగలరా?

జవాబు:

సరిపోదండి. పూర్తి నిషేధం పెట్టిన చోట బంధువులు తగ్గరు, చుట్టరికం బయటికి చెప్పడం మానేస్తారు. ప్లాంట్లలో ఆపరేటర్లు, ప్యాకింగ్ వాళ్లు, డ్రైవర్లు చాలావరకు తెలిసినవాళ్లు చెబితేనే వస్తారు. ఆ దారి మూసేస్తే అదే మనిషి లేబర్ కాంట్రాక్టర్ మస్టర్‌లో పేరు ఎక్కించుకుని అదే గేటులోంచి లోపలికి వస్తాడు. అప్పుడు మీ రికార్డులో అతని ఆనవాలే ఉండదు.

కాబట్టి పాలసీ పైన మూడు వాక్యాలు ఇలా పెట్టండి: "బంధువు కంపెనీలో పనిచేయడం తప్పు కాదు. ఆ సంగతి చెప్పకపోవడం తప్పు. ఒకరి పనిని, జీతాన్ని, బిల్లును ఇంకొకరు నిర్ణయించే లేదా తనిఖీ చేసే స్థానాల్లో బంధువులిద్దరూ ఉండకూడదు." మిగతా పాలసీ అంతా ఈ మూడు వాక్యాలకు వివరణే.

ఇక "బంధువు" అంటే ఎవరు? చాలా కంపెనీలు కంపెనీల చట్టం, 2013లోని నిర్వచనాన్ని దించేసుకుంటాయి. సెక్షన్ 2(77), దాని కింది రూల్స్ ప్రకారం భార్యాభర్తలు, హిందూ అవిభక్త కుటుంబ సభ్యులు, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వస్తారు. అది డైరెక్టర్ల లావాదేవీల కోసం రాసిన జాబితా. అందులో బావమరిది లేడు, తోడల్లుడు లేడు, మేనల్లుడు లేడు, వియ్యంకుడు లేడు. మన దగ్గర ఉద్యోగం ఇప్పించమని అడిగేది ఎక్కువగా వీళ్ల కోసమే. మీ సొంత జాబితా రాసుకోండి: చట్టంలోని వాళ్లందరూ, వాళ్లతోపాటు అత్తమామలు, బావలు, బావమరుదులు, మరదళ్లు, ఆడపడుచులు, వదినలు, తోడల్లుళ్లు, తోటికోడళ్లు, వియ్యంకులు, మేనమామ, మేనత్త, బాబాయి, పిన్ని, పెదనాన్న, పెద్దమ్మ, వాళ్ల పిల్లలు, మేనల్లుడు, మేనకోడలు. నిశ్చితార్థం అయినవాళ్లు, ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్లు కూడా. చుట్టరికం లేకపోయినా వ్యాపారంలో వాటాదారు, పెద్ద మొత్తంలో అప్పు ఇచ్చినవాడు లేదా తీసుకున్నవాడు ఉంటే అదీ చెప్పాల్సిందే.

"మా ఊరివాడు", "మావాళ్లే" అనే వరసను జాబితాలో పెట్టకండి. అది పెడితే ఫారం కులం అడిగినట్టు అవుతుంది, ఎవరూ సరిగ్గా నింపరు. తెలిసినవాడు ఇంటర్వ్యూకి వస్తే ఆ ప్యానెల్ నుంచి తప్పుకోవాలని వేరే వాక్యం రాస్తే చాలు.

ఇప్పుడు స్టెప్పులు. చెప్పాల్సిన సందర్భాలు నాలుగు. మొదటిది దరఖాస్తు సమయం: షార్ట్‌లిస్టు చేయకముందే, ఇంటర్వ్యూ తేదీ ఇవ్వకముందే. ఆఫర్ లెటర్ వెళ్లాక బయటపడితే మొహమాటం అడ్డొచ్చి ఎవరూ కాదనలేరు. రెండోది చేరిన రోజు. మూడోది పరిస్థితి మారినప్పుడు, అంటే పెళ్లి, నిశ్చితార్థం, బదిలీ, ప్రమోషన్ జరిగిన 7 పనిదినాల్లో. నాలుగోది ప్రతి ఏప్రిల్‌లో అందరూ ఇచ్చేది. ఏప్రిల్ ఎందుకంటే, డైరెక్టర్లు కూడా ఆర్థిక సంవత్సరం మొదటి బోర్డు సమావేశానికి ఎంబీపీ-1 ఫారంలో తమ ప్రయోజనాలు తెలపాలి. రెండూ ఒకేసారి నడిస్తే "పైవాళ్లు ఇవ్వరు, మేమే ఇవ్వాలి" అనే మాట రాదు. బంధువులెవరూ లేకపోతే "లేరు" అని రాసి సంతకం పెట్టించండి. ఖాళీగా వచ్చిన ఫారాన్ని తీసుకోకండి. రేపు గొడవొస్తే ఖాళీ కాగితం దేన్నీ రుజువు చేయదు.

చెప్పే బాధ్యత ఇద్దరిదీ, కానీ ముందు లోపల ఉన్న ఉద్యోగిదే. అభ్యర్థికి పాలసీ తెలియకపోవచ్చు, ఉద్యోగి మాత్రం తెలీదని అనలేడు. ఫారం నేరుగా హెచ్‌ఆర్ హెడ్‌కి వెళ్లాలి, సొంత మేనేజర్ ద్వారా కాదు. హెచ్‌ఆర్ హెడ్ బంధువైతే ఎండీకి, ఎండీ బంధువైతే బోర్డుకి.

ఫారం ఒక పేజీ దాటొద్దు. "మీ బంధువులు ఎవరైనా ఉన్నారా?" అని ఒక్క ప్రశ్న వేస్తే "లేరు" అనే వస్తుంది. బంధువు పేరు, వరస, విభాగం, షిఫ్టు అడగండి. ఆ తర్వాత ఈ ప్రశ్న వేయండి: "మీ సంతకం, ఆమోదం లేదా లెక్క ఆ వ్యక్తి హాజరుకు, ఓవర్‌టైమ్‌కు, జీతానికి, అప్రైజల్‌కు, బిల్లుకు, సరుకుకు ఎక్కడైనా తగులుతుందా?" అసలు సమాచారం అక్కడే వస్తుంది.

నిర్ణయం 5 పనిదినాల్లో, ఇద్దరు కలిసి తీసుకోవాలి: హెచ్‌ఆర్ హెడ్, ఫైనాన్స్ హెడ్. మూడు జవాబుల్లో ఒకటి, కారణంతో సహా రాతలో ఉండాలి: అభ్యంతరం లేదు, షరతులతో సరే, ఈ స్థానానికి కుదరదు. రిజిస్టర్‌లో నంబరు వేసి, షరతులు పెట్టిన కేసులను 6 నెలలకోసారి తిరిగి చూడాలి. డిపార్ట్‌మెంట్ మేనేజర్‌కి షరతు మాత్రమే చెప్పండి, కుటుంబ వివరాలు కాదు.

అందరూ తడబడే చోటు ఒకటుంది, దాన్ని ఊహా కేసుతో చూద్దాం. మీ ప్లాంటులో స్టోర్స్ ఇన్‌చార్జి బావమరిది క్వాలిటీలో ఇన్‌వర్డ్ ఇన్‌స్పెక్టర్ పోస్టుకు దరఖాస్తు చేశాడనుకోండి. ఆర్గనైజేషన్ చార్టు చూస్తే ఏ ఇబ్బందీ లేదు. ఒకరు ప్లాంట్ హెడ్ కింద, ఇంకొకరు క్వాలిటీ హెడ్ కింద. "ఒకరి కింద ఒకరు పనిచేయకూడదు" అని మాత్రమే రాసిన పాలసీ ఈ కేసును వదిలేస్తుంది.

కానీ సరుకు దారి పట్టుకుని వెళ్లండి. లారీ వస్తుంది, స్టోర్స్ తూకం చూసి, సరుకు అందినట్టు జీఆర్‌ఎన్ అనే రసీదు వేస్తుంది, ఇన్‌వర్డ్ ఇన్‌స్పెక్టర్ సరుకు పాస్ చేస్తాడు. అకౌంట్స్ వాళ్లు పర్చేజ్ ఆర్డర్, జీఆర్‌ఎన్, ఇన్‌వాయిస్ మూడూ సరిపోల్చి బిల్లు కడతారు. వెయ్యి కిలోలకు బదులు తొమ్మిది వందలు దిగినా, నాసిరకం దిగినా పట్టుకోవాల్సింది ఈ రెండు సంతకాలే. ఆ రెండూ ఒకే ఇంటివైతే అకౌంట్స్ చేతిలో కాగితాలు సరిగ్గానే ఉంటాయి, గోడౌన్‌లో సరుకు ఉండదు. ఇక్కడ బావాబావమరుదులు తప్పు చేస్తారని కాదు. ఒకవేళ చేస్తే పట్టుకునేవాళ్లు మిగలరు, అదీ సమస్య.

నిర్ణయం ఇలా ఉండాలి: ఇన్‌వర్డ్‌కు కుదరదు, లైన్ ఇన్‌స్పెక్షన్‌లో ఖాళీ ఉంటే, అర్హత ఉంటే తీసుకోవచ్చు. షరతు: ఇన్‌వర్డ్ వాళ్లు సెలవు పెట్టినా వాళ్ల బదులు ఇతను చేయకూడదు. ఈ షరతు కాగితం మీద మాత్రమే ఉంటే నిలవదు. రాత్రి షిఫ్టులో స్టోర్స్ నుంచి ఒకరు, క్వాలిటీ నుంచి ఒకరే ఉంటారు. ఇన్‌వర్డ్ అతను రాకపోతే సూపర్‌వైజర్ "ఈ ఒక్క లారీ చూసేయ్ బాబూ" అంటాడు. అందుకే ఈఆర్‌పీలో అతని లాగిన్‌కు ఇన్‌వర్డ్ పాస్ చేసే హక్కే ఇవ్వకండి. నెలకోసారి జీఆర్‌ఎన్ వేసిన పేరు, పాస్ చేసిన పేరు పక్కపక్కన పెట్టి రిపోర్టు తీయండి. వేరేవాళ్ల పాస్‌వర్డ్‌తో పాస్ చేయడం కూడా జరుగుతుంది. ఆ రోజు సెలవులో ఉన్నవాడి పేరు మీద పాస్ పడితే అదే గుర్తు.

మీ ప్లాంటులో ఇలాంటి జంటలు ఇంకా ఉంటాయి: టైమ్ ఆఫీస్ క్లర్కు, ఓవర్‌టైమ్ చేసే కార్మికుడు; గేటు సెక్యూరిటీ, డిస్పాచ్; పర్చేజ్, అకౌంట్స్ పేయబుల్స్. పేరోల్ చేసేవాళ్లకు మాత్రం ప్లాంటులో ఎవరు బంధువైనా షరతు పెట్టాల్సిందే. ఈ జంటలను పాలసీకి అనుబంధంగా జతచేయండి.

సరఫరాదారుల విషయానికొస్తే క్యాంటీన్, క్యాబులు, మ్యాన్‌పవర్ కాంట్రాక్టు, స్క్రాప్ కొనేవాళ్లు, ఈ నాలుగింటి మీద కన్నేసి ఉంచండి. వెండార్ ఫారంలోనూ అదే ప్రశ్న వేయండి. మూడు నెలలకోసారి వెండార్ల బ్యాంకు ఖాతాలను ఉద్యోగుల ఖాతాలతో ఎక్సెల్‌లో పోల్చండి. దీనికి చాలామంది `COUNTIF` వాడతారు. అది అంకెల్ని మొదటి 15 వరకే పట్టించుకుంటుంది, ఖాతా నంబరు అంతకన్నా పొడవుంటే లేని పోలిక చూపిస్తుంది. ఖాతా నంబర్లను టెక్స్ట్‌గా పెట్టి, ఖాళీ వరుసలు తీసేసి, ఉద్యోగుల ఖాతాలు Employees షీటు D కాలమ్‌లో, వెండార్ ఖాతా B2లో ఉన్నాయనుకుని ఇది వాడండి:

```
=SUMPRODUCT(--(Employees!$D$2:$D$351=B2))
```

సున్నా కాకుండా ఏది వచ్చినా తెరిచి చూడాలి. భార్య పేరు మీద ఉన్న ఖాతా ఇందులో దొరకదు; దానికి ఫోన్ నంబరు, చిరునామా కూడా పోల్చాలి.

డైరెక్టర్ల బంధువుల దారి వేరు. కంపెనీల చట్టం సెక్షన్ 188(1)(ఎఫ్) కింద కంపెనీలో జీతమొచ్చే స్థానంలో డైరెక్టర్ బంధువును పెట్టడానికి బోర్డు సమావేశంలో ఆమోదం కావాలి. నెల జీతం 2.5 లక్షలు దాటితే వాటాదారుల తీర్మానం కూడా కావాలి. మామూలు వ్యాపారంలో భాగంగా, బయటివాళ్లకిచ్చే షరతుల మీదే చేసిన ఒప్పందాలకు మినహాయింపు ఉంది కానీ, మీ కేసు అందులోకి వస్తుందో లేదో కంపెనీ సెక్రటరీతో రాతలో తీసుకోండి. ఆమోదం లేకుండా తీసుకుంటే 3 నెలల్లో బోర్డో, వాటాదారులో ధ్రువీకరించాలి. లేకపోతే ఆ నియామకం రద్దుకు లోబడుతుంది. ఎండీ గారికి ఈ పేరా చూపించండి. నిషేధం మాట పక్కన పెట్టడానికి ఇదొక్కటే చాలు కావచ్చు.

అమలు రోజు నుంచి 30 రోజులు గడువివ్వండి. ఆ లోపు చెప్పినవాళ్ల మీద, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదన్న చర్య ఉండదని రాతలో పెట్టండి. వచ్చిన కేసుల్లో ఎవరినీ తీసేయకుండా, షిఫ్టో విభాగమో సంతకమో మార్చి సర్దండి. మొదటి వారంలో చెప్పిన ఒకరిద్దరికి ఏమవుతుందో ప్లాంటంతా చూస్తుంటుంది. గడువు దాటాక దాచినట్టు తేలితే హెచ్చరిక నుంచి తొలగింపు దాకా మెట్లు రాసుకోండి. స్టాండింగ్ ఆర్డర్లు వర్తించే కార్మికులకు ఛార్జిషీటు, విచారణ లేకుండా చివరి మెట్టు ఎక్కకండి. ప్లాంటు కాపీ తెలుగులో, హిందీలో ఉండాలి; ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టించుకుంటే "నాకు అర్థం కాలేదు" అన్న మాటకు మీ దగ్గర జవాబుండదు.