ఇంటర్వ్యూల అడిగిన ఆ ప్రశ్న గురించి, స్వప్నకు

నల్లగొండ

స్వప్నా, బిడ్డా,

కంపెనీకి పంపుదామని నువ్వు రాసిపెట్టిన ఈమెయిల్ రెండుసార్లు చదివిన. జడ్చర్ల దిక్కు మందుల కంపెనీల కెమిస్టు ఉద్యోగానికి పోతే, ప్యానెల్‌ల ఒకాయన “పెళ్లెప్పుడు? అయినంక వెంటనే పిల్లల్ని కంటవా?” అని అడిగిండన్నవ్. నీ కోపం న్యాయమైనదే. కానీ ఆ ఈమెయిల్ ఇట్లనే పంపకు.

ఇరవై రెండేండ్లు పర్సనెల్ డిపార్టుమెంటుల పనిచేసి, ఇసుంటి ఉత్తరాలు అందుకున్నదాన్ని నేను. ఒకసారి ఒక అమ్మాయి నాలుగు పేజీలు రాసింది. మొదటి పేజీలనే “మీ మేనేజరుకు ఆడోళ్లంటే చులకన” అని ఉన్నది. ఆయన ఆ ఒక్క మాట పట్టుకొని, నా మనసుల ఏమున్నదో ఆమెకెట్ల తెలుసని కొట్లాటకు దిగిండు. అడిగిన ప్రశ్న సంగతి మూలకు పడ్డది. ఆమె దిక్కు మాట్లాడుదామంటే నా చేతుల ఏం లేకుండె. ఏ రోజు, ఏ మాట అడిగిన్రో నాలుగు పేజీలల్ల యాడా లేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉన్నది.

అందుకే ముందుగాల ఇయ్యాల్నే కూసోని గుర్తున్నంత రాసుకో: తేదీ, టైము, ఎవరెవరున్నరు, ఆయన అన్న మాట ఉన్నదున్నట్టు, నువ్వు చెప్పిన జవాబు. పేరు తెల్వకపోతే “మధ్యల కూసున్నాయన” అని రాయి, ఊహించి పేరు పెట్టకు. తర్వాత కంపెనీ హెచ్ఆర్ హెడ్‌కు ఈమెయిల్ పంపు. అడిగినాయనకు వాట్సాప్‌ల పెట్టకు. నేనైతే ఇట్ల రాస్త, నువ్వు ఇంగ్లీషుల పెట్టుకో:

“ఫలానా తేదీన కెమిస్టు ఉద్యోగానికి ఇంటర్వ్యూకు హాజరయ్యాను. అవకాశం ఇచ్చినందుకు ధన్యవాదాలు. ఇంటర్వ్యూలో ఒక సభ్యులు నా పెళ్లి ఎప్పుడని, ఆ తర్వాత వెంటనే పిల్లల్ని కంటారా అని అడిగారు. ఈ ప్రశ్నలకు ఉద్యోగంతో సంబంధం ఏమిటో నాకు అర్థం కాలేదు, జవాబివ్వడానికి ఇబ్బంది పడ్డాను. షిఫ్టులు చేయగలనా అన్నది మీరు తెలుసుకోవాలనుకుంటే, చేయగలను. నా దరఖాస్తును అర్హతలను బట్టే పరిశీలించాలని, ఈ విషయం ప్యానెల్ దృష్టికి తేవాలని కోరుతున్నాను.”

ఇండ్ల తిట్టు లేదు, బెదిరింపు లేదు, ఆయన ఎసుంటోడన్న తీర్పు లేదు. జరిగింది, నీకు కలిగింది, నువ్వు అడిగేది, అంతే. షిఫ్టుల మాట కావాలనే పెట్టిన. రాత్రి డ్యూటీ చేస్తవా అని మగోళ్లను, ఆడోళ్లను ఒక్కతీరుగ అడిగితే అది పనికి సంబంధించిన ప్రశ్న. పెళ్లి, పిల్లలు అని నిన్నొక్కదాన్నే అడిగితే కాదు. వాళ్లు రేపు “మేం డ్యూటీ గురించే అడిగినం” అన్నా, దానికి జవాబు నీ ఉత్తరంలనే ఉంటది.

రెండు మూడు రోజులల్లనే పంపు. రిజల్టు వచ్చినంక రాస్తే, ఉద్యోగం రాలేదని రాసిందంటరు. పంపితే వాళ్లకు నీ మీద మనసు విరిగే అవకాశం కూడా ఉన్నది బిడ్డా, అది నీకు దాచను. అయినా పంపుడే మంచిదని నా మాట.

చట్టం పేరు మొదటి ఉత్తరంల తియ్యకు, కానీ నీకు తెలిసి ఉండాలె. పెళ్లి గురించి అడిగిన్రన్న ఒక్కదానికే ఆ కంపెనీ మీద కేసు పెడుదామంటే నిలిచేది కష్టం. కానీ ఉద్యోగంల తీసుకునేటప్పుడు ఆడ, మగ తేడా చూపొద్దని 1976 సమాన వేతన చట్టంలనే ఉండె, 2019 వేతనాల కోడ్‌ల కూడా ఉన్నది. ఎల్ఐసీ వాళ్లు ఉద్యోగానికొచ్చిన ఆడోళ్ల ఫారంల నెలసరి, గర్భాల గురించి అడిగితే, ఆ గడులు తీసెయ్యాలని 1991ల సుప్రీంకోర్టు చెప్పింది.

ఒకవేళ ఆయన అడిగింది పెళ్లి ముచ్చట కాక, ఒంటి గురించో, అసభ్యంగనో ఉంటే దారి వేరే. అప్పుడు పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం కింద కంపెనీల ఉండే ఇంటర్నల్ కమిటీకి మూడు నెలల లోపల రాతపూర్వకంగ ఇయ్యాలె. నువ్వు ఆడ ఉద్యోగివి కాకపోయినా ఇయ్యొచ్చు. నీ విషయంల అట్ల జరగలేదని నువ్వే అన్నవ్ కాబట్టి ఆ మాట మనం కలపొద్దు.

హెచ్ఆర్ వాళ్లు ఫోన్ చేస్తే మర్యాదగ మాట్లాడు. ఫోన్ పెట్టినంక “ఇప్పుడు మనం మాట్లాడుకున్నది ఇది” అని రెండు వాక్యాలు అదే ఈమెయిల్ కింద రాసి పంపు. వారం పది రోజులైనా జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తు చెయ్యి.

కొత్తది రాసి రేపు రాత్రి లోపల నాకు పంపు, చూసి ఫోన్ చేస్త.

మీ పెద్దమ్మ