ఆగిపోయిన ఆర్డీ: పెనాల్టీ మూడు వందలు, గడువు రెండు నెలలు

ప్రశ్న: 2022 జూన్ 10న పోస్టాఫీసులో నెలకు 3,000 చొప్పున ఐదేళ్ల ఆర్డీ తెరిచాను. ఇంటికొచ్చే ఏజెంటే కట్టేవారు. ఈ ఏడాది మా వారికి ఆపరేషన్ అయి చాలా టెన్షన్లో పడ్డాం. జనవరి డబ్బు ఏజెంటుకు ఫోన్‌పే చేశాను, ఫిబ్రవరిది చేతికిచ్చాను. మార్చి, ఏప్రిల్ కట్టలేకపోయాను. ఏప్రిల్ చివర్లో చూస్తే పాస్‌బుక్కులో నాలుగు నెలలూ ఖాళీ! ఏజెంటేమో పాత తేదీలతో కార్డు మీద సంతకం పెడతానంటున్నారు, లేదంటే ఖాతా మూసేసి కొత్తది తెరవమంటున్నారు. పెనాల్టీ రద్దుకు, నష్టపరిహారానికి కేసు వేయవచ్చా? - ఒక గృహిణి, తెనాలి

జవాబు: కేసు సంగతి తర్వాత, ముందు క్యాలెండర్ చూడండి. మీరు ఖాతా తెరిచింది నెలలో 15వ తేదీలోపు. కాబట్టి ప్రతి వాయిదా ఆ నెల 15లోపు జమ కావాలి. ఏప్రిల్ 15 దాటడంతో నాలుగో వాయిదా కూడా తప్పింది. అక్కడి నుంచి రెండు నెలల్లో, అంటే జూన్ 15లోపు, బకాయి కట్టి ఖాతాను పునరుద్ధరించుకోవాలి. ఆ గడువు దాటితే అందులో ఇక రూపాయి కూడా జమ చేయనివ్వరు. మీ వ్యవహారమంతా ఈ ఒక్క తేదీ మీదే నిలబడి ఉంది. మే 15 కూడా దాటితే ఐదో వాయిదా తప్పుతుంది, అంతవరకు ఆగకండి.

పెనాల్టీ లెక్క చిన్నదే. వంద రూపాయల వాయిదాకు, ఆలస్యమైన ప్రతి నెలకు ఒక రూపాయి. మీ 3,000కు నెలకు 30 అవుతుంది. మేలో కడితే జనవరి వాయిదా నాలుగు నెలలు ఆలస్యం కనుక 120, ఫిబ్రవరికి 90, మార్చికి 60, ఏప్రిల్‌కు 30, మొత్తం 300. నాలుగు వాయిదాల 12,000, ఈ 300, మే నెల 3,000 కలిపి 15,300 పట్టుకెళ్లండి. పాత బకాయి జమయ్యాకే ఈ నెలది తీసుకుంటారు. అనారోగ్యం ఉందని పెనాల్టీ మాఫీ చేసే నిబంధన లేదు. ఇలా కడితే చివరి మొత్తం తగ్గదు. మీరు చేరినప్పటి వడ్డీ 5.8 శాతం, అదే చివరిదాకా వర్తిస్తుంది కనుక 2027 జూన్‌లో సుమారు 2,09,090 వస్తుంది. ఆ 15,300 ఒకేసారి సర్దలేకపోతే, తప్పిన వాయిదాలు నాలుగుకు మించనప్పుడు ఖాతా ఐదేళ్ల గడువును తప్పినన్ని నెలలు పొడిగించుకుని అప్పుడు కట్టే వీలుంది. దాన్ని కూడా ఇప్పుడే కౌంటర్లో రాతపూర్వకంగా అడగండి.

ఖాతా మూసేయమన్న సలహా మాత్రం వినకండి. మూడేళ్లు నిండాయి కాబట్టి మూసేయడానికి అభ్యంతరం ఉండదు, కానీ అప్పుడు సేవింగ్స్ ఖాతాకిచ్చే 4 శాతమే ఇస్తారు. మీరు కట్టిన 43 వాయిదాల మీద బారువడ్డీ లెక్కన చూసినా 5.8 శాతానికి 16,000 దాకా వచ్చేది 11,000కు పడిపోతుంది. మూడు వందలకు భయపడి ఐదు వేలు వదులుకుంటారా? కొత్త ఖాతా తెరిస్తే లాభమెవరికో మీరే ఆలోచించండి.

ఇక ఆ పాత తేదీల సంతకం. ఏజెంటు కార్డు అసలు ఉన్నదే డబ్బు ఇచ్చిన రోజున, ఇచ్చినచోటే సంతకం చేయించుకోవడానికి. ఇప్పుడు వెనకటి తేదీ వేయిస్తే అది దొంగ పత్రం. కట్టని మార్చి, ఏప్రిల్ నెలలకు కూడా సంతకం పెట్టించుకుంటే ఆ దొంగ పత్రంలో మీకూ భాగం ఉన్నట్లే. పైగా నిజంగా ఇచ్చిన జనవరి డబ్బును కూడా ఎవరూ నమ్మరు. నాలుగు నెలలు పాస్‌బుక్కు తెరిచి చూడకపోవడం, సంతకం లేకుండా డబ్బు చేతిలో పెట్టడం మీ తప్పులే, ఆపరేషన్ వల్ల జరిగినవి కావు.

మీ చేతిలో ఉన్న గట్టి సాక్ష్యం జనవరి ఫోన్‌పే లావాదేవీ. బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి దాచుకోండి, స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. ఫిబ్రవరి డబ్బుకు సాక్ష్యం కావాలంటే, 'జనవరి, ఫిబ్రవరి డబ్బులు మీకు ఇచ్చాను, ఎందుకు జమ చేయలేదు' అని ఏజెంటుకు వాట్సాప్‌లో అడగండి. తీసుకున్నానని ఆయన ఒప్పుకుంటే ఆ మెసేజ్ చెరపకండి. ఆ రెండు నెలల 6,000, వాటి మీద పడిన పెనాల్టీ 210 ఏజెంటు నుంచి రావాల్సినవి. మార్చి, ఏప్రిల్ పెనాల్టీ 90 మీదే.

ఖాతాను బతికించుకోవడం, ఏజెంటు నుంచి డబ్బు రాబట్టడం రెండూ వేర్వేరు పనులు. ఆయన ఇచ్చాక కడదామని కూర్చుంటే జూన్ 15 వెళ్లిపోతుంది. ముందు మొత్తం మీరే కౌంటర్లో కట్టి పాస్‌బుక్కులో ఎంట్రీ వేయించుకోండి. ఆ తర్వాత డివిజన్ పోస్టల్ సూపరింటెండెంటుకు, ఏజెన్సీ మంజూరు చేసిన అధికారికి ఫిర్యాదు రాయండి. నకలు మీద అందినట్లు ముద్ర వేయించుకోండి. అప్పటికీ డబ్బు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి, ఈ మొత్తానికి ఫీజు ఉండదు. మానసిక వేదనకు పరిహారం అడగొచ్చు గానీ, పెనాల్టీ రద్దు చేయమని పోస్టాఫీసు మీద కేసు వేస్తే నిలవదు.