అద్దె పెంపు చీటీ: ఎంత, ఏ నెల నుంచి, ఎందుకు

ప్రశ్న: విజయనగరం తోటపాలెంలో మాది రెండంతస్తుల ఇల్లు. మేడ మీద వాటాలో ఒక ఉద్యోగి కుటుంబం ఉంటోంది. అద్దె 8,000, నీళ్లకూ మెట్ల శుభ్రతకూ 500. ఏ నెల అద్దె అయినా తర్వాతి నెల 5వ తేదీలోగా ఇస్తారు. 2024 ఫిబ్రవరి నుంచి పెంచలేదు. ఇప్పటి పదకొండు నెలల అగ్రిమెంటు ఈ నవంబరు 30తో ముగుస్తుంది. అక్టోబరు 20న ఈ చీటీ ఇచ్చాను: ‘ఖర్చులు బాగా పెరిగినందున వచ్చే నెల నుంచి అద్దె 10 శాతం పెంచడమైనది.’ ఇంటి పన్ను ఏడాదికి 1,800 పెరిగింది. మోటారు మార్చడానికి 14,000 అయింది. నవంబరు 5న ఆయన పాత లెక్కనే 8,500 ఇచ్చారు. చీటీ ఎలా రాసి ఉండాల్సింది?

జవాబు: అమ్మా, ఆయన ఇచ్చిన 8,500 సరైన మొత్తమే. అది అక్టోబరు నెల అద్దె. మీరు ‘వచ్చే నెల నుంచి’ అన్నప్పుడు నవంబరులో చేతికి వచ్చే డబ్బును తలచుకున్నారు. ఆయన నవంబరులో ఉన్నందుకు డిసెంబరు 5న కట్టే అద్దె అనుకున్నారు. నెల గడిచాక అద్దె ఇచ్చే ఇళ్లలో ఈ పేచీ తరచుగా వస్తుంది. అందుకే రెండు తేదీలూ రాయాలి: ఏ నెల అద్దెకు పెంపు వర్తిస్తుందో, ఆ డబ్బు మొదటిసారి ఎప్పుడు ఇవ్వాలో.

అసలు నవంబరుకు పెంచే వీలు కూడా మీకు లేదు. గడువు మధ్యలో పెంచవచ్చని అగ్రిమెంటులో రాసుకోకపోతే నవంబరు 30 వరకు 8,000 ఇద్దరూ ఒప్పుకున్న మొత్తం. దాన్ని ఒక్కరే చీటీతో మార్చలేరు. డిసెంబరు 1 నుంచి కొత్త అగ్రిమెంటు కాబట్టి పెంపు అక్కడ మొదలుపెట్టండి. ‘పెంచడమైనది’ అనకుండా ‘పెంచదలచాను’ అనండి. ఆయన ఒప్పుకోవలసిన విషయాన్ని అయిపోయినట్టు రాస్తే మాట పట్టింపులు వస్తాయి.

ఇక 10 శాతం. దేని మీద? 8,000 మీద అయితే 800, మొత్తం 8,500 మీద అయితే 850. యాభై రూపాయల తేడాయే అయినా ప్రతి నెలా మాటామాటా పెరగడానికి అది చాలు. శాతం వదిలేసి రూపాయల్లో రాయండి. అద్దెనూ నీళ్ల ఖర్చునూ విడివిడిగా చూపించండి. పెంపు అద్దె మీదే ఉంచి 8,800 చేయమని నా సలహా.

కారణాల దగ్గర కాస్త నిదానించాలి. పన్ను పెరిగింది ఇల్లంతటికీ. మేడ మీద వాటాకు సగం వేసుకుంటే ఏడాదికి 900, అంటే నెలకు 75. ‘పన్ను పెరిగినందున 800 పెంచుతున్నాను’ అని రాస్తే ఆయన రసీదు అడుగుతారు, ఆ లెక్క నిలవదు. మోటారు సంగతి అసలు రాయకండి. అది ఒక్కసారి అయ్యే ఖర్చు, పెంచిన అద్దె మాత్రం నెలనెలా వస్తుంది. పైగా ఆస్తి పన్ను పోగా మిగిలిన అద్దె ఆదాయంలో 30 శాతాన్ని ఆదాయపు పన్ను లెక్కలో మీకు మినహాయిస్తారు. ఇలాంటి మరమ్మతులు అందులోకే వస్తాయి. మీ గట్టి కారణం వేరే ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి 2025 నవంబరు దాకా చూస్తే ఇరవై రెండు నెలలుగా అద్దె మారలేదు. దాన్ని ముందు పెట్టి, పన్నును దాని అసలు మొత్తంతో తర్వాత చెప్పండి.

ఇలా రాయవచ్చు:

‘గారికి నమస్కారం. అక్టోబరు 20న ఇచ్చిన చీటీని వెనక్కి తీసుకుంటున్నాను. దాని బదులు ఇది చూడగలరు. నవంబరు నెల అద్దె పాత లెక్కనే 8,500 ఇవ్వండి. డిసెంబరు 1 నుంచి అద్దెను 8,000 నుంచి 8,800కు పెంచదలచాను. నీళ్లు, మెట్ల శుభ్రత ఖర్చు 500లో మార్పు లేదు. మొత్తం 9,300. డిసెంబరు నెలకు చెందిన ఈ మొత్తాన్ని మొదటిసారి జనవరి 5లోగా ఇవ్వాలి. అడ్వాన్సు పెంచడం లేదు. 2024 ఫిబ్రవరి తర్వాత అద్దె పెంచలేదు. ఇంటి పన్నులో మీ వాటాకు నెలకు 75 రూపాయలు పెరిగింది, రసీదు చూపిస్తాను. ఈ అద్దె వచ్చే పదకొండు నెలలూ మారదు. మీ అభిప్రాయం నవంబరు 20లోగా చెప్పగలరు.’

పైన ఆయన పేరు, కింద తేదీ, మీ సంతకం ఉండాలి. రెండు ప్రతులు రాసి, మీ దగ్గర ఉంచుకునే దాని మీద ‘అందింది’ అని ఆయన సంతకం తీసుకోండి. అది చీటీ చేరిందనడానికే ఆధారం. అద్దెకు ఒప్పుకున్నట్టు కొత్త అగ్రిమెంటులోనే ఉండాలి. అడ్వాన్సు మాట మీరు వేరేగా అనుకుంటుంటే ఆ వాక్యం మార్చుకోండి కానీ తీసేయకండి. లేకపోతే పెరిగిన అద్దెకు తగ్గట్టు అది కూడా పెంచాలేమోనన్న సందేహం ఆయనకు మిగిలిపోతుంది.

ఇంకొకటి. 8,000 చొప్పున ఏడాదికి అద్దె 96,000. 8,800 అయితే 1,05,600. ఏడాది అద్దె లక్ష దాటితే, పాత పన్ను విధానంలో ఇంటి అద్దె భత్యానికి మినహాయింపు కోరే ఉద్యోగి ఇంటి యజమాని పాన్ నంబరును తన కార్యాలయానికి ఇవ్వాలి. ఈ ఆర్థిక సంవత్సరంలో మొత్తం లక్ష దాటదు, ఏప్రిల్ నుంచి మొదలయ్యే ఏడాదిలో దాటుతుంది. ఆయన అడిగినప్పుడు ఇవ్వండి, ఆ అద్దెను మీ రిటర్నులోనూ చూపించండి.