పాల బిల్లులో ఒకే పేరు మూడు రకాలు: డూప్లికేట్లు తీసేసే బటన్‌తో తేలే పని కాదు

ప్రశ్న: "మా ఊరి పాల కేంద్రంలో పదిహేను రోజులకోసారి రైతులకు బిల్లు కడతాం. లెక్కలన్నీ ఎక్సెల్‌లో రాస్తాం. పోయిన బిల్లులో ఒకావిడకు రెండుసార్లు డబ్బు పడింది. Remove Duplicates నొక్కితే వేరేవాళ్ల పాలు కొన్ని మాయమయ్యాయి. ఒకే మనిషి పేరు మూడు రకాలుగా ఉంది. ఒకచోట ఫ్యాట్ 65 అని పడింది. ఇలాంటివి దానంతట అదే పట్టుకునేలా చేయొచ్చా సార్?"
– ఒక పాల కేంద్రం కార్యదర్శి, ప్రకాశం జిల్లా

చేయొచ్చు. ముందు మాత్రం ఆ బటన్ జోలికి వెళ్లకండి. చీటీలు నడిపేవాళ్లు, ట్యూషన్ సెంటర్లవాళ్లు, అపార్ట్‌మెంట్ సంఘాలవాళ్లు కూడా నాకు ఇదే గోడు రాస్తుంటారు. ఎన్ని వరుసలు తీసేసిందో ఆ బటన్ అంకె చెబుతుంది కానీ, ఏ వరుసలు తీసేసిందో చెప్పదు. డబ్బు లెక్కలుండే చోట చూపించకుండా చెరిపేసే పనిముట్టు పెట్టడం నా దృష్టిలో బాధ్యత లేని డిజైన్. తనిఖీ చేయాల్సిన పని అనుమానం ఉన్న వరుసను చూపించడం వరకే. తీసేయాలో ఉంచాలో మీరు తేల్చుకోవాలి.

బహుశా మీరు తేదీకీ పేరుకీ మాత్రమే టిక్ పెట్టి ఉంటారు. పొద్దున, సాయంత్రం రెండు పూటలా పాలు పోసే రైతుకు రోజుకు రెండు వరుసలుంటాయి కాబట్టి సాయంత్రం వరుస ఎగిరిపోయింది. ఊళ్లో అదే పేరున్న ఇంకొకరుంటే వాళ్లవీ పోయాయి. అందుకే ఫార్ములా జోలికి వెళ్లేముందు మీ కేంద్రంలో ఏది కలిస్తే ఒకే ఎంట్రీ అవుతుందో తేల్చుకోవాలి. నన్నడిగితే తేదీ, పూట, రైతు కోడ్, ఆవా గేదా అన్నది, ఈ నాలుగూ కలవాలి. ఆ లెక్కన పేరుకు ఇందులో చోటు లేదు. ఈ నాలుగూ A నుంచి D వరకు ఉన్నాయనుకుంటే పక్కన ఒక కాలమ్‌లో ఇది పెట్టండి:

```
=COUNTIFS($A:$A,$A2,$B:$B,$B2,$C:$C,$C2,$D:$D,$D2)>1
```

TRUE అని వచ్చిన ప్రతిదీ తప్పు కాదు. ఒకే పూట రెండు క్యాన్లు తెచ్చేవాళ్లుంటారు. లీటర్లు, ఫ్యాట్ చూస్తే తేడా తెలిసిపోతుంది. రెండు వరుసల్లో లీటర్లూ ఫ్యాట్ దశాంశంతో సహా ఒకటే అయితే అది రెండుసార్లు కొట్టిన ఎంట్రీయే అనుకోవచ్చు. విడివిడిగా కొలిచిన రెండు క్యాన్లకు రెండు అంకెలూ అచ్చుగుద్దినట్టు కలవడం అరుదు. తేడా ఉంటే రెండు క్యాన్లు వచ్చినట్టే, ఆ వరుసలను ముట్టుకోకండి.

ఇక పేర్ల సంగతి. తెలుగు పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసినంత కాలం ఒక మనిషి ముగ్గురవుతూనే ఉంటారు. Lakshmi, Laxmi, Laxmi. అని చివర చుక్కతో ఒకటి. ఇంటిపేరు పొడి అక్షరం కొందరు ముందు పెడతారు, కొందరు వెనక పెడతారు. ఉచ్చారణను బట్టి పేర్లు కలిపే సౌండెక్స్ అనే పద్ధతి అమెరికాలో 1918లో పేటెంట్ పొందింది, ఇప్పటికీ చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది. అది మొదటి అక్షరాన్ని కదపదు. అందుకే లక్ష్మి రెండు రూపాలూ దానికి ఒకటే అయినా, Ellaiah, Yellaiah మాత్రం ఎప్పటికీ ఇద్దరు మనుషులే. పైగా Ramu, Ramaiah ఇద్దరినీ ఒకే కోడ్‌లో పడేస్తుంది. మన పేర్లకు దాన్ని నమ్ముకోలేం.

మీ కేంద్రానికి సరిపోయే చిన్న దారి ఉంది. రైతుల జాబితా వేరే షీట్‌లో ఉండి, అందులో పేర్లు B కాలమ్‌లో ఉన్నాయనుకుంటే, ఆ పక్కన పోల్చడానికి మాత్రమే పనికొచ్చే ఒక సాదా రూపం తయారుచేయండి:

```
=SUBSTITUTE(SUBSTITUTE(SUBSTITUTE(
 LOWER(TRIM(B2)),"x","ksh"),".","")," ","")
```

ఇది అన్నిటినీ చిన్న అక్షరాలు చేసి, x ను ksh గా మార్చి, చుక్కలూ ఖాళీలూ తీసేస్తుంది. మొదట్లో వచ్చే ye ను e గా, ee ని i గా మార్చే మార్పులు కూడా మీ ఊరి పేర్లను బట్టి చేర్చుకోండి. ఈ రూపం ప్రకారం జాబితాను క్రమంలో పెడితే అనుమానం ఉన్న పేర్లు ఒకచోటికి చేరతాయి. అంతమాత్రాన కలిపేయకండి. తండ్రి లేదా భర్త పేరో, ఫోన్ నంబరో కూడా కలిస్తేనే ఒకే మనిషి. తేలిన తర్వాత ఒక్కొక్కరికి ఒక్క కోడ్ ఇచ్చి, ఇకపై రోజువారీ లెక్కలో కోడ్ మాత్రమే కొట్టండి. పేరు రైతుల జాబితా నుంచి దానంతట అదే రావాలి. ఎవరూ పేరు టైప్ చేయకపోతే మళ్లీ కొత్త రూపం పుట్టదు.

ఫ్యాట్ 65 అంటే 6.5లో చుక్క జారిపోయిందన్నమాట. రోజువారీ లెక్కలో ఫ్యాట్ F కాలమ్‌లో ఉందనుకుందాం. దీనికి రెండు రకాల హద్దులు కావాలి. మొదటిది దాటితే గడి ఒప్పుకోకూడదు. అది వెడల్పుగా ఉండాలి. డేటా వ్యాలిడేషన్‌లో కస్టమ్ ఎంచుకుని ఇది రాయండి:

```
=AND(ISNUMBER(F2),F2>=1,F2<=15)
```

రెండో హద్దు దాటితే ఎంట్రీ ఆగదు, రంగు మాత్రం మారుతుంది. ఆ హద్దు అందరికీ ఒకటే అయితే పనికిరాదు. ఆవు పాలలో 6.5 అంటే ఆగి చూడాలి, గేదె పాలలో అది మామూలు. అందుకని కండిషనల్ ఫార్మాటింగ్‌లో ఈ ఫార్ములా పెట్టి ప్రతి రైతునూ వాళ్ల సొంత సగటుతోనే పోల్చండి:

```
=ABS($F2-AVERAGEIFS($F:$F,$C:$C,$C2,$D:$D,$D2,$B:$B,$B2))>1.5
```

పూటను కూడా కలిపింది ఊరికే కాదు. రెండు పితుకుళ్ల మధ్య వ్యవధి తక్కువైన పూట ఫ్యాట్ సహజంగానే పెరుగుతుంది. 1.5 నేను వేసిన అంచనా, మీ లెక్కల్లో రంగు పడే వరుసలు మరీ ఎక్కువైతే కొంచెం పెంచుకోండి. ముందు 65 లాంటివి దిద్దాకే దీన్ని చూడాలి. లేకపోతే ఆ ఒక్క అంకె సగటును పైకి లాగేసి మంచి వరుసలకు రంగు పూస్తుంది.

ఆవు పాలకు నాణ్యతా ప్రమాణం కనీసం 3.2 శాతం ఫ్యాట్ ఉండాలంటుంది కదా, గడికి ఆ హద్దే పెడదామని కొందరు చూస్తారు. దయచేసి ఆ పని చేయకండి. 2.9 వచ్చిన రోజు గడి ఒప్పుకోకపోతే, వెనక క్యూ పెరుగుతుంటే, ఎంట్రీ చేసే కుర్రాడు 3.2 అని కొట్టి ముందుకెళ్లిపోతాడు. పాలలో నీళ్లు కలిసి ఉంటే ఆ సంగతి మీ ఫైల్‌లోంచి శాశ్వతంగా చెరిగిపోతుంది. ఇలా జరుగుతోందో లేదో తెలుసుకోవడం తేలికే. 3.1, 3.2, 3.3 ఒక్కోటి ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టండి. 3.3 నాలుగుసార్లు వచ్చి 3.2 నలభైసార్లు వచ్చిందంటే, అవి కొలిచిన అంకెలు కావు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఫోన్ యాప్‌లూ ఆన్‌లైన్ ఫారాలూ తయారుచేసేవాళ్లు నిబంధన కఠినంగా ఉంటే డేటా శుభ్రంగా ఉంటుందని నమ్ముతారు. ఇంటిపేరు తప్పనిసరి అంటారు. ఇంటిపేరు లేని మనిషి అక్కడ చుక్క పెడతాడు. ఫోన్ నంబరు తప్పనిసరి అంటారు. ఫోన్ లేని ముసలమ్మకు ఎవరో పది తొమ్మిదులు కొట్టి పంపేస్తారు. ఒక్కో అప్‌డేట్‌తో కొత్తగా రెండు గడులు తప్పనిసరి అవుతాయి, తప్పేమిటో మాత్రం "ఇన్‌వాలిడ్" అన్న ఒక్క ముక్కకు మించి చెప్పరు. ఖాళీ గడిని చూస్తే అక్కడ సమాచారం లేదని తెలుస్తుంది. బలవంతం మీద పుట్టిన అబద్ధం నిజంలా కనిపిస్తుంది, తర్వాత ఏ తనిఖీకీ అంత తేలిగ్గా దొరకదు.

ఇంకో లోపం కూడా చెప్పాలి. డేటా వ్యాలిడేషన్ చేత్తో టైప్ చేసినదాన్నే ఆపుతుంది. ఫోన్ నుంచో మెషిన్ ఇచ్చిన ఫైల్ నుంచో కాపీ చేసి అతికిస్తే ఆపదు, పైగా గడిలో మీరు పెట్టిన నిబంధన కూడా చెరిగిపోవచ్చు. అందుకే పై తనిఖీ ఫార్ములాలన్నీ, గడుల ముందు లెక్కల షీట్ పేరు చేర్చి, తనిఖీ అనే వేరే షీట్‌లో కూడా ఉండాలి. గడి హద్దు ఫార్ములాను మాత్రం అక్కడ NOTలో పెట్టండి, తప్పున్నప్పుడే TRUE రావాలి. ఆ షీట్ పైన ఎన్ని TRUEలు ఉన్నాయో లెక్కపెట్టే ఒక గడి పెట్టండి. ప్రతి TRUEకీ ఎవరు చూశారో, ఏం తేల్చారో పక్కన రాశాకే బిల్లు బ్యాంకుకు వెళ్లాలి.

మీ ఉత్తరంలో లేని సంగతి ఒకటుంది, నా అసలు భయం దాని మీదే. బ్యాంకు ఖాతా నంబర్లు కూడా ఆ ఫైల్‌లోనే ఉండి ఉంటాయి. బ్యాంకులో డబ్బు జమయ్యేది ఖాతా నంబరును బట్టి, పేరును బట్టి కాదు. ఎవరైనా ఒక్క గడిలో నంబరు మారిస్తే పదిహేను రోజుల పాల డబ్బు వేరే చోటికి పోతుంది, బిల్లు చూస్తే పేరు సరిగ్గానే ఉంటుంది. ఖాతాల కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చండి. లేకపోతే ఎక్సెల్ పదిహేనో అంకె తర్వాత అన్నీ సున్నాలు చేస్తుంది, మొదట్లో సున్నా ఉంటే మింగేస్తుంది. టెక్స్ట్‌గా మార్చినా COUNTIF వాడకండి. అది నంబర్లుగానే పోల్చుతుంది కాబట్టి, చివరి అంకెలో మాత్రమే తేడా ఉన్న పదహారు అంకెల ఖాతాలు రెండూ ఒకటేనని చెబుతుంది. రైతుల జాబితాలో కోడ్ A లో, ఖాతా నంబరు H లో, ఐఎఫ్ఎస్సీ I లో ఉన్నాయనుకుంటే ఇది వాడండి:

```
=SUMPRODUCT(--($H$2:$H$400=H2))>1
```

ఇద్దరు రైతులకు ఒకే ఖాతా ఉంటే అది తల్లీకొడుకులది కావచ్చు, అడిగి రాసిపెట్టుకోండి. ఈమధ్యే చేరిన కోడ్‌కు పాత రైతు ఖాతా ఉంటే మాత్రం తేలేదాకా చెల్లింపు ఆపండి. ఐఎఫ్ఎస్సీకి పదకొండు అక్షరాలుండాలి, అయిదోది ఎప్పుడూ సున్నాయే. దాని బదులు ఇంగ్లిష్ O అక్షరం కొట్టేవాళ్లు చాలామంది. తప్పుంటే TRUE చూపించేది ఇది:

```
=NOT(AND(LEN(I2)=11,MID(I2,5,1)="0"))
```

అన్నిటికంటే ముఖ్యమైన నిబంధన ఖాతా మారిందా అన్నది. పోయిన బిల్లు నాటి జాబితా కాపీ ఎంట్రీ చేసే మనిషి దగ్గర కాకుండా మరొకరి దగ్గర ఉండాలి. బిల్లు రోజున దాన్ని Pata అనే షీట్‌లో పెట్టి పోల్చండి:

```
=H2<>XLOOKUP(A2,Pata!A:A,Pata!H:H,"")
```

ఖాతాలున్న జాబితాను రోజువారీ పాల లెక్క నుంచి విడదీసి, పాస్‌వర్డ్ పెట్టి, వేరే ఫైల్‌లో ఉంచండి. వాట్సాప్ గ్రూపులో ఎప్పుడూ పంపకండి. డూప్లికేట్లు ఉచితంగా తీసిపెడతామనే వెబ్‌సైట్లలోకి ఎక్కించకండి, అక్కడ ఆ ఫైల్ ఎవరి చేతికి పోతుందో మీకు తెలియదు. ఆధార్ నంబర్ల కాలమ్ ఉంటే ఈ బిల్లుకు దానితో పనే లేదు, తీసేయండి. ఖాతా మారిన వరుస కనిపిస్తే, మార్చమని మెసేజ్ వచ్చిన నంబరుకు ఫోన్ చేయకండి. రైతు చేరినప్పుడు పుస్తకంలో రాసుకున్న నంబరుకు చేసి అడగండి. లేదా మర్నాడు పొద్దున పాలు పోయడానికి వచ్చినప్పుడు పాస్‌బుక్ చూపించమనండి.